ఖ్రిస్తోస్ అనేస్తి: గ్రీకు ఈస్టర్ పలకరింపు, దాని జవాబు, దాని గడువు

గ్రీసులో ఈస్టర్ పలకరింపు రెండే రెండు మాటలు. ఒకరు "ఖ్రిస్తోస్ అనేస్తి" అంటారు, అంటే క్రీస్తు లేచాడు. ఎదుటివారు "అలిథోస్ అనేస్తి" అంటారు, అంటే నిజంగా లేచాడు. మాటలు నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. ఏథెన్స్‌లోనో, సైప్రస్‌లోనో, మెల్‌బోర్న్‌లో గ్రీకులు ఎక్కువగా ఉండే ఓక్లీ లాంటి పేటలోనో అద్దెకుంటున్న తెలుగువాళ్లు తడబడేది మాట దగ్గర కాదు, తేదీ దగ్గర. మాట సరిగ్గానే పలుకుతారు, కానీ వారం ముందో, కొన్ని గంటల ముందో పలుకుతారు. పక్కింటి పెద్దావిడ నవ్వి "అకోమా" అంటుంది. "ఇంకా కాలేదు" అని దానర్థం.

మన "హ్యాపీ ఈస్టర్" ఒక శుభాకాంక్ష. రెండు రోజుల ముందు చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. ఖ్రిస్తోస్ అనేస్తి అలాంటిది కాదు, అది ఒక వార్త. ఫలానాది జరిగిపోయిందని చెప్పే మాట కాబట్టి అది జరగకముందు చెప్పడానికి లేదు. జరిగిందని చర్చి ప్రకటించే క్షణం ఒకటుంది. ఆ ప్రకటనను చర్చి మళ్లీ మూటకట్టే రోజూ ఒకటుంది. ఈ రెంటి మధ్య దాదాపు నలభై రోజులే పొరుగువారు ఈ పలకరింపు కోసం చూసే కాలం.

ముందుగా, ఏ ఈస్టర్?

ఆంధ్ర, తెలంగాణ చర్చిలన్నీ కేథలిక్, ప్రొటెస్టెంట్ లెక్క ప్రకారం ఈస్టర్ చేసుకుంటాయి. గ్రీకు ఆర్థడాక్స్ చర్చిది వేరే లెక్క. గ్రీసు చర్చి 1924లో క్రిస్మస్ లాంటి స్థిర పండుగలను కొత్త క్యాలెండరుకు మార్చుకుంది గానీ ఈస్టర్‌ను మాత్రం పాత జూలియన్ లెక్కలోనే ఉంచుకుంది. అందుకే మన కాలంలో వాళ్ల ఈస్టర్ ఏప్రిల్ 4కూ మే 8కీ మధ్య పడుతుంది. కొన్నేళ్లు రెండూ ఒకే రోజున వస్తాయి. 2025లో రెండూ ఏప్రిల్ 20నే వచ్చాయి, 2028లో రెండూ ఏప్రిల్ 16న వస్తాయి. 2026లో ఒక్క వారం తేడా: మనది ఏప్రిల్ 5, వాళ్లది ఏప్రిల్ 12. 2027లో ఏకంగా ఐదు వారాల తేడా: మనది మార్చి 28, వాళ్లది మే 2.

వారం తేడా వచ్చిన ఏడాదే ఎక్కువ ఇబ్బంది. 2026 ఏప్రిల్ 5న భీమవరంలోనో గుంటూరులోనో బంధువులంతా ఈస్టర్ ఫొటోలు పంపుతుంటారు. ఆ ఊపులో మెట్ల మీద ఎదురైన గ్రీకు పొరుగాయనకు ఖ్రిస్తోస్ అనేస్తి చెప్పేస్తాం. ఆయనకు ఆ రోజు మట్టల ఆదివారం. శ్రమల వారం ఇంకా మొదలే కాలేదు. ఆయన నొచ్చుకోకపోవచ్చు, కానీ "అలిథోస్ అనేస్తి" అని జవాబివ్వడు. జవాబు రాలేదంటే మాట వేళకాని వేళ పడిందన్నమాట. అన్ని సందర్భాల్లోనూ అదే గుర్తు.

గ్రీసులోని కేథలిక్కులు కూడా ఆర్థడాక్స్ తేదీనే పాటిస్తారు. సీరోస్ దీవిలో రెండు సంఘాలవాళ్లూ పక్కపక్కనే ఉండి ఒకే రాత్రి పండుగ చేసుకుంటారు. కాబట్టి ఏథెన్స్‌లో కేథలిక్ గుడికి వెళ్లే తెలుగు కుటుంబానికి కూడా అక్కడున్నంత కాలం ఈస్టర్ ఆ తేదీనే.

శనివారం అర్ధరాత్రికి ముందు ఏమనాలి

అసలు పలకరింపుకు వేళ రాలేదు కదా అని నోరు మూసుకుని తిరగనక్కర్లేదు. ముందు రోజులకు వేరే మాటలున్నాయి, పొరుగువారు వాటికోసమూ చూస్తారు. 2027 తేదీలతోనే చూద్దాం.

ఆర్థడాక్స్‌లో భస్మ బుధవారం లేదు. తపస్సు కాలం 'శుభ్ర సోమవారం'తో మొదలవుతుంది, ఆ ఏడాది అది మార్చి 15. ఆ చుట్టుపక్కల రోజుల్లో "కలీ సరకోస్తి" అంటారు, ఉపవాస కాలం బాగా గడవాలని. మన ఈస్టర్ అయిన మార్చి 28 నాటికి వాళ్లు ఇంకా ఉపవాసం మధ్యలో ఉంటారు. మీరు క్రైస్తవులని తెలిసిన పొరుగువారు ఆ రోజు మీకే "ఖ్రోన్యా పొలా" చెప్పవచ్చు. నిండు నూరేళ్లూ అనే తీరు దీవెన అది. పుట్టినరోజుకీ, తమ పేరున్న పునీతుని పండుగ రోజైన నామదినానికీ, ఏ పండుగకైనా పనికొస్తుంది. మీరు "ఎఫ్ఖరిస్తో" అని థాంక్స్ చెబితే సరిపోతుంది.

ఏప్రిల్ నాలుగో వారంలో ఊళ్లకు ప్రయాణాలు మొదలవుతాయి. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే ఈస్టర్‌కు ఏథెన్స్ ఖాళీ అవుతుంది. ఆఫీసులో, కొట్లో, లిఫ్టులో విడిపోయేటప్పుడు "కలో పాస్ఖా" వినిపిస్తుంది. మళ్లీ పండుగయ్యేదాకా కనబడరు కాబట్టి ముందే చెప్పుకునే మాట ఇది. ఇది రాబోయే పండుగకు చెప్పే మాట, పండుగ రోజున దీని పని అయిపోతుంది. ఆదివారం పొద్దున్న కలో పాస్ఖా అంటే, పెళ్లి అయిపోయాక పెళ్లివారికి "పెళ్లి బాగా జరగాలి" అన్నట్టుంటుంది.

మట్టల ఆదివారం ఏప్రిల్ 25. ఆ మర్నాటి నుంచి శ్రమల వారం. ఈ వారంలో, ముఖ్యంగా గురువారం నుంచి, "కలీ అనాస్తాసి" ఎక్కువవుతుంది. పునరుత్థానం మీకు శుభంగా జరగాలని దానర్థం. గురువారం ఇళ్లల్లో గుడ్లు ఉడకబెట్టి ఎర్రరంగు వేస్తారు. ఏప్రిల్ 30, శుక్రవారం, గుడి గంటలు రోజంతా విషాదంగా ఆగి ఆగి మోగుతాయి, జెండాలు సగం దించి ఉంటాయి. రాత్రి ఎపితాఫియోస్‌ను, అంటే పూలతో అలంకరించిన క్రీస్తు పాడెను, వీధుల్లో ఊరేగిస్తారు. ఆ ఊరేగింపు నుంచి ఇంటికి మళ్లేటప్పుడు ఇరుగుపొరుగు చెప్పుకునేది కలీ అనాస్తాసియే. శుక్రవారం ఖ్రోన్యా పొలా అనకూడదు. అది సంతాప దినం, పండుగ మాట పొసగదు.

కలీ అనాస్తాసికి జవాబు "ఎపీసిస్", అంటే మీకూ అలాగే. లేదా అదే మాట తిరిగి చెప్పొచ్చు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే అర్ధరాత్రి దాటాక ఈ జవాబు చెల్లదు.

శనివారం పొద్దున్న ఒక చిక్కుంది. ఆ ఉదయం ఆరాధనను 'మొదటి పునరుత్థానం' అంటారు. పూజారి లోపల బిరియానీ ఆకులాంటి లారెల్ ఆకులు గుప్పిళ్లతో చల్లుతాడు, కొన్ని గుళ్లలో జనం బెంచీలు దడదడలాడిస్తారు. కోర్ఫూ దీవిలో పదకొండు గంటలకు బాల్కనీల నుంచి నీళ్లు నింపిన పెద్ద మట్టికుండలు వీధిలోకి విసురుతారు. ఆ చప్పుడూ ఆ సంబరమూ చూసినవాడికి పండుగ వచ్చేసిందనే అనిపిస్తుంది. కానీ ఖ్రిస్తోస్ అనేస్తికి ఇంకా సగం రోజుపైనే ఉంది. కుండలు పగిలిన వీధిలో కూడా ఆ మధ్యాహ్నం కలీ అనాస్తాసే చెప్పుకుంటారు.

ఆ క్షణం

శనివారం రాత్రి పదకొండు ప్రాంతంలో జనం గుడికి చేరతారు. అందరి చేతుల్లో లంబాదా అనే పొడుగాటి కొవ్వొత్తి, పిల్లలకు బొమ్మలతోనో రిబ్బన్లతోనో అలంకరించినది. అర్ధరాత్రికి కాస్త ముందు గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. పూజారి ఒక్క కొవ్వొత్తితో బయటికి వచ్చి "దెఫ్తే లావెతే ఫోస్" అని పాడతాడు, రండి వెలుగు తీసుకోండి అని. జెరూసలేం నుంచి ఆ సాయంత్రమే విమానంలో ఏథెన్స్‌కు తెచ్చి అక్కడి నుంచి ఊళ్లకు పంచిన జ్వాల అది. ఒక కొవ్వొత్తి నుంచి ఇంకో కొవ్వొత్తికి అంటుకుంటూ గుడి నిండుతుంది. తర్వాత అంతా బయటికి వచ్చి గుడి ముందున్న వేదిక చుట్టూ నిలబడతారు. పూజారి సువార్త చదువుతాడు. అది అయ్యాక, పన్నెండు కొట్టగానే, ఖ్రిస్తోస్ అనేస్తి అనే పాట మొదలవుతుంది: క్రీస్తు మృతులలోనుండి లేచెను, మరణము చేత మరణమును తొక్కి, సమాధులలో ఉన్నవారికి జీవము నిచ్చెను. గంటలు, టపాకాయలు, ఓడరేవుల్లో ఓడల హారన్లు.

పాట మొదటిసారి పూర్తయిన మరుక్షణం నుంచి పలకరింపు చెల్లుతుంది. పక్కన నిలబడ్డవారి వైపు తిరిగి చెంపకు చెంప ఆనించి చెప్పుకుంటారు. ముందు పెద్దవాళ్లే చెప్పాలనో చిన్నవాళ్లే చెప్పాలనో నియమం లేదు. ఎవరికి ముందు నోరొస్తే వారిది పలకరింపు, రెండోవారిది జవాబు.

గడియారం కంటే ఆ పాటే ముఖ్యమని 2021లో తేలింది. కొవిడ్ ఆంక్షల వల్ల ఆ ఏడాది గ్రీసులో ఈ ఆరాధనను రాత్రి తొమ్మిదికి జరిపారు. పలకరింపు కూడా తొమ్మిది తర్వాతే మొదలైంది. అర్ధరాత్రి దాకా ఆగాలని ఎవరూ అనలేదు. అంతకుముందు ఏడాది గుళ్లు మూసి ఉన్నప్పుడు జనం కొవ్వొత్తులతో బాల్కనీల్లో నిలబడి, వీధికి ఆ పక్కనున్న వాళ్లకు కేకేసి మరీ చెప్పారు.

ఫోనులో పంపేవారికి ఇక్కడే ఒక లెక్క అవసరం. ఏప్రిల్, మే నెలల్లో గ్రీసు కంటే మన టైము రెండున్నర గంటలు ముందుంటుంది. హైదరాబాద్‌లో అర్ధరాత్రి పన్నెండుకు మెసేజ్ పంపితే ఏథెన్స్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర, జనం ఇంకా గుడికి బయల్దేరి ఉండరు. మన తెల్లవారుజాము రెండున్నర దాటాకే అక్కడ వేళవుతుంది. ఆదివారం పొద్దున్న లేచి పంపడమే సుఖం. మే నెలలో మెల్‌బోర్న్ ఏడు గంటలు ముందుంటుంది. అక్కడి గ్రీకులు గుడి బయట అనేస్తి చెప్పుకుంటున్నప్పుడు ఏథెన్స్‌లో సాయంత్రం ఐదు. డాలస్‌లో ఉన్నవారికి లెక్క తిరగబడుతుంది: ఏథెన్స్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి అక్కడ శనివారం సాయంత్రం నాలుగు. ఏథెన్స్ స్నేహితుడికి అప్పుడే పంపొచ్చు గానీ డాలస్‌లోనే ఉన్న గ్రీకు పొరుగాయనకు మాత్రం అతని గుడిలో పాట అయ్యేదాకా ఆగాలి.

పలకడం

'క్రీస్తు' అలవాటైన నాలుక మొదటి అక్షరాన్ని సాగదీసి "ఖ్రీస్తోస్" అంటుంది. అది పొట్టిగా ఉండాలి, ఒత్తంతా 'తోస్' మీద పడాలి. రెండో మాటలో ఒత్తు 'నే' మీద: అ-నే-స్తి, చివరి 'తి'ని సాగదీయకూడదు. జవాబులో ఒత్తు 'థోస్' మీద. ఇంగ్లీషు అలవాటుతో 'ట' పెట్టకండి. గ్రీకు 'త' అచ్చం మన 'త'లాగే పంటికి నాలుక ఆనించి పలికేది, ఇంగ్లీషువాళ్లకు కష్టమైనది మనకు పుట్టుకతో వచ్చింది.

రెండు శబ్దాలు మాత్రం కాస్త సాధన అడుగుతాయి. మొదటి 'ఖ' మన 'ఖర్చు'లో ఖ కాదు, హైదరాబాద్ ఉర్దూలో 'ఖుదా హాఫిజ్' అన్నప్పుడు గొంతులో గరగరలాడే ఖ. 'అలిథోస్'లో థ ఇంగ్లీషు 'థింక్'లోది: నాలుక చివర పళ్ల మధ్యకు వచ్చి గాలి బుస్సుమనాలి. మన 'కథ'లో థ పెట్టినా అర్థమవుతుంది, పండుగ పూట ఎవరూ పట్టించుకోరు. ఒత్తు తప్పితేనే గ్రీకు చెవికి మాట ఎబ్బెట్టుగా తగులుతుంది.

ఫోనులో గ్రీకు లిపిలో వస్తే మొదటి అక్షరం ఇంగ్లీషు ఎక్స్‌లా కనబడుతుంది, అదే ఆ గరగర ఖ. గ్రీకు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవాళ్లు కూడా చాలామంది ఎక్స్‌తోనే మొదలుపెడతారు.

జవాబుకు రెండో రూపం ఒకటుంది: "అలిథోస్ ఓ కీరియోస్", నిజంగా ప్రభువు లేచాడు అనే అర్థంలో. కీరియోస్ అంటే ప్రభువు. ఆరాధనలో "కీరియే ఎలెయిసోన్" విన్నవారికి చెవికి పరిచయమే. రెండు జవాబులూ సరైనవే. మీరు ఒకటి నేర్చుకుని, రెండోది వింటే గుర్తుపడితే చాలు.

జవాబులో జరిగే తప్పులు మూడు రకాలు. ఒకటి, ఖ్రిస్తోస్ అనేస్తికి ఖ్రిస్తోస్ అనేస్తి అనే తిరిగి చెప్పడం. "ఎవరు?" అంటే "ఎవరు?" అన్నట్టు మాట గాలిలో వేలాడిపోతుంది. రెండు, ఎపీసిస్ అనడం. మీకూ అలాగే అనడానికి అవతలివారు మీకేమీ కోరలేదు, ఒక సంగతి చెప్పారు. మూడు, ఎఫ్ఖరిస్తో అని థాంక్స్ చెప్పడం. ఇదీ అంతే. సంగతి చెప్పినవారికి 'అవును, నిజమే' అనాలి. ఆ తర్వాత ఖ్రోన్యా పొలా కలిపితే ఇంకా బాగుంటుంది. దానికి అవతలివారు "నాస్తే కలా" అంటారు, మీరు చల్లగా ఉండాలని. చనువున్నవారైతే "నాసే కలా". మీరు, నువ్వు తేడా అక్కడే వస్తుంది. అసలు పలకరింపులో ఆ బెడద లేదు, ఇంటాయనకీ కొట్టు కుర్రాడికీ బిషప్‌కీ ఒకే మాట. అంతగా మర్యాద చూపాలంటే చివర 'ఎలేని గారూ' లాంటి పిలుపు చేర్చండి: "ఖ్రిస్తోస్ అనేస్తి, కిరీయా ఎలేని".

ఇంట్లో, బల్ల దగ్గర

పాట అయ్యాక గుడిలో ఆరాధన ఇంకా చాలాసేపు సాగుతుంది, కానీ సగానికి పైగా జనం కొవ్వొత్తి ఆరకుండా అరచేయి అడ్డుపెట్టుకుని ఇంటిదారి పడతారు. గుమ్మం పైకమ్మీ మీద కొవ్వొత్తి పొగతో సిలువ గుర్తు వేస్తారు. అద్దె ఇంట్లో దిగినప్పుడు తలుపు పైన నల్లటి మసి కనిపిస్తే సున్నం కొట్టే ముందు ఆలోచించండి, అది ఎవరో కావాలని వేసుకున్న గుర్తు కావచ్చు. ఉపవాసం విడిచే వంట మయిరీత్సా: గొర్రెపిల్ల పేగులు, కాలేజం, లెట్యూస్, సోయికూర వేసి, గుడ్డు నిమ్మరసం కలిపిన చారు. దానికి ముందు గుడ్ల పందెం.

ఎర్రగుడ్డును పిడికిట్లో కొన మాత్రమే బయటికి కనిపించేలా పట్టుకుంటారు. ఒకరు కింద పట్టుకుంటే ఇంకొకరు పైనుంచి కొనతో కొన కొడతారు. కొట్టేవారు ఖ్రిస్తోస్ అనేస్తి అంటారు, పట్టుకున్నవారు అలిథోస్ అనేస్తి అంటారు. మాట ముందు, దెబ్బ వెంటనే. ఒక కొన పగిలితే గుడ్డు తిప్పి రెండో పక్క ఆడతారు. చివరిదాకా పగలని గుడ్డు ఎవరిదైతే ఏడాదంతా అదృష్టం వారిదే. గట్టిగా కొట్టినవాడు గెలుస్తాడనుకుంటారు కొత్తవాళ్లు. నిజానికి వేళ్ల మధ్య తక్కువ కొన బయటపెట్టి బిగించి పట్టుకున్న గుడ్డుకు దెబ్బ తక్కువ తగులుతుంది. జవాబు రాకముందే కొట్టేస్తే పిల్లలు గోల చేస్తారు, పందెం చెల్లదంటారు. మాట నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు: ఒక్క పూటలో బల్ల చుట్టూ పదిమందితో పదిసార్లు రెండు పక్కలూ పలకాల్సి వస్తుంది.

ఆదివారం నుంచి ఆరోహణ దాకా

ఇప్పుడు పొరుగువారు ఎన్నాళ్లు ఎదురుచూస్తారన్న ప్రశ్న. చర్చి లెక్క కచ్చితం: ఆరోహణ పండుగకు ముందురోజు బుధవారం వరకు. ఆ బుధవారాన్ని అపోదోసి అంటారు. ఆ రోజు ఈస్టర్ ఆరాధన మళ్లీ ఒకసారి జరిపి, ఖ్రిస్తోస్ అనేస్తి చివరిసారి పాడి ముగిస్తారు. 2027లో ఆరోహణ జూన్ 10, అపోదోసి జూన్ 9. ఆ మర్నాటి నుంచి గుడిలో ఆ పాటా ఉండదు, వీధిలో ఆ పలకరింపూ ఉండదు.

వాడుక లెక్క ఇంత తిన్నగా ఉండదు. పండుగ ఆదివారం నుంచి తోమా ఆదివారం దాకా, 2027లో మే 2 నుంచి 9 దాకా, ఇది కలిమేరాను, అంటే మామూలు శుభోదయాన్ని, పక్కకు నెట్టేస్తుంది. రొట్టెల కొట్లో, బస్టాపులో, ఫోనెత్తగానే, మెట్ల మీద ఇదే. ఆ వారంలో కలిమేరా అంటే తప్పేమీ లేదు, కానీ పెద్దవారు "ఖ్రిస్తోస్ అనేస్తి" అనే తిరిగి పలకరిస్తారు, అప్పుడు మీరు జవాబుకు సిద్ధంగా ఉండాలి. రెండో వారం నుంచి నగరాల్లో పలచబడుతుంది. పల్లెల్లో, దీవుల్లో, మఠాల్లో, పూజారుల నోట మాత్రం నలభై రోజులూ ఉంటుంది.

ఈ రెంటికీ మధ్య, చాలామంది నగరవాసులు పైకి చెప్పకుండానే పాటించే పద్ధతి ఒకటుంది: పండుగ తర్వాత ఒక మనిషిని మొదటిసారి ఎప్పుడు కలిస్తే అప్పుడు చెప్పాలి, తర్వాత మామూలే. ఊరికెళ్లి మే 20న తిరిగొచ్చిన కింది అంతస్తు కిరియోస్ యోర్గోస్‌ను పండుగ తర్వాత మీరు అప్పుడే చూశారనుకోండి. ఆదివారం గడిచి పద్దెనిమిది రోజులైనా "ఖ్రిస్తోస్ అనేస్తి" అనే మొదలుపెట్టాలి. అదే ఆయన మే 3న కనిపించి ఉంటే మాట ఇంకొంచెం పొడుగయ్యేది. యోర్గోస్‌ల నామదినం ఏప్రిల్ 23. ఆ తేదీ ఉపవాస కాలంలో పడిన ఏడాది దాన్ని ఈస్టర్ సోమవారానికి జరుపుతారు. 2027లో అది మే 3. "ఖ్రిస్తోస్ అనేస్తి, కిరియే యోర్గో, ఖ్రోన్యా పొలా" అంటే ఒకే ఊపిరిలో పండుగా నామదినమూ రెండూ తీరతాయి. అనాస్తాసియా, లాంబ్రోస్, పస్ఖాలిస్ అనే పేర్లవారికి ఈస్టర్ ఆదివారమే నామదినం, వాళ్లకూ అంతే.

ఆ ఏడాది చావు జరిగిన ఇంటి ముందు మాత్రం కాస్త ఆలోచించండి. ఖ్రోన్యా పొలా, అంటే ఇంకా చాలా ఏళ్లు అన్న దీవెన, వాళ్లకు ముల్లులా గుచ్చుకోవచ్చు. ఖ్రిస్తోస్ అనేస్తికి ఆ ఇబ్బంది లేదు, సమాధుల్లో ఉన్నవారి గురించిన పాటలోంచి వచ్చిన మాట అది. కొన్ని ఊళ్లలో పండుగ రోజుల్లో సమాధుల దగ్గరికి వెళ్లి ఎర్రగుడ్డు పెట్టి ఇదే మాట చెప్పి వస్తారు. మన దగ్గర ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు కొవ్వొత్తులతో వెళ్లేవారికి ఇది వింతగా అనిపించదు.

హిందువులో ముస్లిములో అయిన తెలుగువారికి ఒక సందేహం రావచ్చు: నిజంగా లేచాడు అని నేనెలా అనాలి? అనక్కర్లేదు. గ్రీసులో గుడి మొహం చూడనివారు కూడా వాడుకగా జవాబిస్తారు గానీ, మీకు ఇబ్బందైతే "ఖ్రోన్యా పొలా, నాస్తే కలా" అనండి. పండుగ మర్యాద పూర్తిగా నిలబడుతుంది, ఎవరూ వేరే అర్థం తీయరు. మౌనంగా తలూపి వెళ్లిపోతే మాత్రం బాగోదు. ఎందుకంటే ఈ పలకరింపు రెండు ముక్కలుగా పుట్టింది, మొదటి ముక్క చెప్పినవారు రెండో ముక్క కోసం మెట్టు మీదే ఆగి చూస్తారు.